ఎయిర్ ప్యూరిఫయర్ కొనేముందు చూడవలసిన రెండు అంకెలు



గత శీతాకాలంలో ఒక రాత్రి ఢిల్లీ నుండి మా అన్నయ్యగారి అబ్బాయి ఫోన్ చేశాడు. అతని ఆరేళ్ల కుమార్తెకు ఆస్తమా ఉంది. దీపావళి తరువాత ఆ నగరంలో గాలి ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు. ‘బాబాయ్, పాప గదిలోకి ఎయిర్ ప్యూరిఫయర్ కొందామనుకుంటున్నాను. పదివేలకు మించి పెట్టలేను. మూడింటిని చూసి పెట్టాను, ఏది కొనమంటావు?’ అని అడిగాడు. ఆ వెంటనే మరొక మాట కూడా అన్నాడు: ‘అది వచ్చాక పాపకు రోజూ ఇచ్చే ఇన్‌హేలర్ మానేయవచ్చు కదా?’

రెండవ ప్రశ్నకు నా సమాధానం ఒక్క క్షణంలో అయిపోయింది. మానకూడదు. ఇన్‌హేలర్ శ్వాసనాళాల లోపలి వాపును అదుపులో ఉంచుతుంది. యంత్రం గదిలోని ధూళిని తగ్గిస్తుంది. ఒకటి చేసే పని మరొకటి చేయదు. మందు తగ్గించాలా వద్దా అన్నది పాపను పరీక్షించే వైద్యుడు నిర్ణయించవలసిన విషయం. దుకాణంలో కొన్న వస్తువు నిర్ణయించేది కాదు.

మొదటి ప్రశ్నకు మాత్రం కాగితం, కలం తీసుకుని కూర్చోవలసి వచ్చింది. ఆ రాత్రి మేమిద్దరం వేసిన లెక్కనే మీ ముందుంచుతున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: తక్కువ ధరలో మంచి ప్యూరిఫయర్ కొనాలంటే రెండు అంకెలు చాలు. గంటకు అది ఎంత శుభ్రమైన గాలిని ఇస్తుందన్నది మొదటిది. దాని ఫిల్టర్ ఖరీదు ఎంత, ఎన్నాళ్లకు మార్చాలన్నది రెండవది. పెట్టె మీద పెద్ద అక్షరాలతో కనిపించేవాటిలో ఈ రెండూ సాధారణంగా ఉండవు.

పెద్ద అక్షరాలతో ఉండేది 99.97 శాతం అనే మాట. 0.3 మైక్రాన్ల పరిమాణం గల కణాలలో 99.97 శాతాన్ని హెపా ఫిల్టర్ పట్టుకుంటుందని దాని అర్థం. ఆ మాట అబద్ధం కాకపోవచ్చు. కానీ అది ఫిల్టర్ గుండా వెళ్లిన గాలిని గురించి చెప్పిన మాట. గదిలోని గాలిని గురించి కాదు. ఒక పెద్ద తొట్టిలో బురదనీరు ఉందనుకోండి. ఎంత సన్నని వడపోత గుడ్డ కట్టినా, చెంబుతో ముంచి పోస్తూ ఉంటే తొట్టి ఎప్పటికి తేరుకుంటుంది? పైగా ఆ తొట్టిలోకి మరోవైపు నుండి బురదనీరు కారుతూనే ఉంది. మన గదుల పరిస్థితి అదే. తలుపు సందుల నుండి, కిటికీ రెక్కల మధ్య నుండి బయటి గాలి నిరంతరం లోపలికి వస్తూనే ఉంటుంది.

కాబట్టి ఫిల్టర్ ఎంత సన్నగా వడపోస్తుందన్నది ఎంత ముఖ్యమో, గంటకు ఎంత గాలిని వడపోస్తుందన్నదీ అంతే ముఖ్యం. ఈ రెండింటినీ కలిపి చెప్పే అంకెనే క్లీన్ ఎయిర్ డెలివరీ రేట్, పొట్టిగా సీఏడీఆర్ అంటారు. మూసిన పరీక్షా గదిలో పొగను, ధూళిని నింపి, యంత్రాన్ని నడిపి, కణాలు ఎంత వేగంగా తగ్గాయో కొలిచి ఈ అంకెను కడతారు. మన దేశంలో దీనిని ఎక్కువగా గంటకు ఇన్ని ఘనపు మీటర్లు అని, m³/h గుర్తుతో వేస్తారు. అమెరికా లెక్కలో నిమిషానికి ఘనపు అడుగులుగా ఉంటుంది. ఆ అంకెను 1.7తో గుణిస్తే మన లెక్క వస్తుంది.

ఒక ఉదాహరణ చూడండి. 99.97 శాతం పట్టే ఫిల్టర్ గుండా గంటకు 60 ఘనపు మీటర్ల గాలి మాత్రమే నెట్టే యంత్రం ఇచ్చే శుభ్రమైన గాలి 60 ఘనపు మీటర్లే. 95 శాతమే పట్టే ఫిల్టర్ గుండా 300 ఘనపు మీటర్లు నెట్టే యంత్రం 285 ఇస్తుంది. రెండవదాని పెట్టె మీద గొప్ప అంకె లేకపోయినా, గదిని దాదాపు అయిదు రెట్లు వేగంగా శుభ్రపరిచేది అదే.

మరి మనకు ఎంత కావాలి? పాప పడుకునే గది పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు. అంటే 1,200 ఘనపు అడుగులు, సుమారు 34 ఘనపు మీటర్లు. ఆ గాలి మొత్తం గంటకు అయిదుసార్లు శుద్ధి అయ్యేటట్లు చూసుకోవడం మంచి ప్రమాణం. 34ను 5తో గుణిస్తే 170. ఇంత లెక్క వేయడం కష్టమనిపిస్తే ఒక సులభ సూత్రం ఉంది: పది అడుగుల ఎత్తున్న గదికి, చదరపు అడుగులను ఒకటిన్నరతో గుణించండి. 120 చదరపు అడుగుల గదికి 180 వస్తుంది. రెండు లెక్కలూ ఒకచోటికే చేరుతున్నాయి.

అయిదుసార్లే ఎందుకు? మూసి ఉంచిన గదిలోకి కూడా సందుల ద్వారా గంటకు ఒక గది పరిమాణమంత బయటి గాలి వస్తుందనుకుందాం. యంత్రం అయిదు వంతుల శుభ్రమైన గాలిని ఇస్తుంటే, సందులు ఒక వంతు మురికి గాలిని ఇస్తున్నాయి. మొత్తం ఆరింట ఒక వంతు మురికి. బయట పీఎం 2.5 స్థాయి 240 మైక్రోగ్రాములు ఉంటే లోపల 40 దగ్గర నిలుస్తుంది. మన దేశపు 24 గంటల ప్రమాణం 60; దానికి లోబడే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన 15కు మాత్రం చేరలేదు. ఇదే లెక్కతో మరొక సంగతి కూడా తెలుస్తుంది. కిటికీ ఓరగా తెరిచి ఉంచి, గంటకు అయిదు గదుల బయటి గాలి రానిస్తే, శుభ్రమైనది అయిదు వంతులు, మురికి అయిదు వంతులు అవుతుంది. లోపలి స్థాయి 120కి ఎగబాకుతుంది. యంత్రం అదే, ఫిల్టర్ అదే. కిటికీ ఒక్కటే తేడా.

ఇక్కడ చాలామంది మోసపోయే మలుపు ఒకటి ఉంది. పెట్టె మీద వేసే సీఏడీఆర్ యంత్రాన్ని గరిష్ఠ వేగంలో నడిపి కొలిచినది. ఆ వేగంలో అది చేసే చప్పుడుకు పసిపిల్లలు నిద్రపోరు. అందుచేత అందరూ రాత్రి వేగం తగ్గిస్తారు. వేగంతో పాటు శుభ్రమైన గాలి కూడా తగ్గుతుంది. మధ్య వేగంలో సగానికి, కనిష్ఠ వేగంలో అంతకంటే తక్కువకు పడిపోవడం మామూలే. కాబట్టి 180 కావలసిన గదికి 180 యంత్రం కొంటే రాత్రివేళ చాలదు. 300 పైబడినది కొని మధ్య వేగంలో నడుపుకోవాలి. ఆటో అనే మీటను కూడా నమ్ముకోవద్దు. కణాలను లెక్కించే సాధనం యంత్రంలోనే ఉంటుంది. తన పక్కనున్న గాలి శుభ్రపడగానే గది అంతా శుభ్రపడిందనుకుని అది వేగం తగ్గించేస్తుంది. పాప మంచం గదికి అవతలి మూల ఉండవచ్చు.

ఇప్పుడు మా అబ్బాయి ఎంచిన మూడు యంత్రాలకు వద్దాం. కంపెనీల పేర్లు చెప్పను. పద్ధతి తెలిస్తే ఏ కంపెనీకైనా మీరే లెక్క వేసుకోవచ్చు. ధరలను సౌకర్యం కోసం కొంచెం గుండ్రం చేశాను.

మొదటిది 5,500 రూపాయలు. ‘300 చదరపు అడుగుల గదికి’ అని పెట్టె మీద ఉంది. సీఏడీఆర్ కోసం వెతికితే వివరాల పట్టిక అడుగున దొరికింది: 100. మన సూత్రం ప్రకారం 300 చదరపు అడుగులకు 450 కావాలి. మరి కంపెనీ అబద్ధం చెప్పిందా? చెప్పలేదు. గంటకు ఎన్నిసార్లు శుద్ధి చేస్తే ‘ఇంత గదికి’ అనవచ్చునో వారు తమకు అనుకూలంగా నిర్ణయించుకున్నారు, అంతే. గంటకు ఒకసారి తిరిగినా వారి లెక్కలో గది కవర్ అయినట్టే. అందుకే విస్తీర్ణం అంకెను నేను పూర్తిగా పక్కన పెట్టేస్తాను.

రెండవది 9,500 రూపాయలు, సీఏడీఆర్ 320. మూడవది 24,000 రూపాయలు, సీఏడీఆర్ 330. ఆ మూడవదానిలో అతినీలలోహిత దీపం, ఐయోనైజర్, ఫోన్‌లో చూసుకునే సదుపాయం, అందమైన రంగుల తెర ఉన్నాయి. పదివేలకు మించలేనన్నవాడు దానిని ఎందుకు ఎంచాడని అడిగితే, ‘వాయిదాల్లో ఇస్తున్నారు బాబాయ్’ అన్నాడు.

ఇప్పుడు రెండవ అంకె, ఫిల్టర్ ఖరీదు. యంత్రాన్ని ఒకసారి కొంటాం, ఫిల్టర్‌ను అది పనిచేసినంత కాలం కొంటూనే ఉంటాం. మూడేళ్ల లెక్క వేశాము. మొదటి యంత్రపు ఫిల్టర్ చిన్నది, ఆరు నెలలకొకసారి మార్చాలి, ఒక్కొక్కటి 1,600. యంత్రంతో వచ్చినది పోగా మూడేళ్లలో మరో అయిదు కొనాలి, 8,000 రూపాయలు. మొత్తం 13,500. రెండవదాని ఫిల్టర్ 2,200, ఏడాదికొకటి. మరో రెండు చాలు. మొత్తం 13,900. మూడవదాని ఫిల్టర్ 4,500, మొత్తం 33,000.

ఈ మూడు మొత్తాలను ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. 5,500 రూపాయల ‘చవక’ యంత్రానికీ, 9,500 రూపాయల యంత్రానికీ మూడేళ్ల ఖర్చులో తేడా 400 రూపాయలే. ఇచ్చే గాలిలో తేడా మాత్రం మూడు రెట్లకు పైన. మొత్తం ఖర్చును సీఏడీఆర్‌తో భాగిస్తే అసలు ధర బయటపడుతుంది: మొదటిదానికి 135 రూపాయలు, రెండవదానికి 43, మూడవదానికి 100. విద్యుత్తు ఖర్చు ఈ లెక్కను మార్చదు. నలభై వాట్ల యంత్రం పది గంటలు నడిస్తే అరయూనిట్ కూడా కాలదు.

ఫిల్టర్ విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. యంత్రం కొనకముందే ఆ మోడల్ ఫిల్టర్ విడిగా దొరుకుతుందో లేదో వెతకండి. ధర చూడండి, నిల్వ ఉందో లేదో చూడండి. ఫిల్టర్ దొరకని యంత్రం శబ్దం చేసే ఫ్యానుతో సమానం. సగం ధరకు వచ్చే నకిలీ ఫిల్టర్లతో ఇబ్బంది ఏమిటంటే, అంచులు సరిగా అతకకపోతే గాలి ఫిల్టర్ గుండా కాక దాని పక్కనున్న సందు గుండా పోతుంది. డబ్బు ఆదా అవుతుందని హెపా ఫిల్టర్‌ను నీళ్లతో కడగవద్దు. తడిస్తే దాని పోగులు దెబ్బతిని, కణాలను పట్టే శక్తి పోతుంది. దాని ముందుండే జాలీని మాత్రం పదిహేను రోజులకొకసారి శుభ్రం చేసుకోవచ్చు. ఆ చిన్న పని చేస్తే ఫిల్టర్ ఎక్కువ కాలం మన్నుతుంది.

మూడవ యంత్రంలోని అదనపు హంగుల గురించి వైద్యుడిగా రెండు మాటలు. కొన్ని ఐయోనైజర్లు ఓజోన్‌ను పుట్టిస్తాయి. ఓజోన్ శ్వాసనాళాలను రేపే వాయువు. ఆస్తమా ఉన్న బిడ్డ గదిలో అది ఉండకూడదు. మీరు కొన్న యంత్రంలో ఆ మీట ఉంటే ఆపి ఉంచండి. అతినీలలోహిత దీపం సూక్ష్మజీవులను చంపాలంటే వాటిపై తగినంత సేపు పడాలి. వేగంగా పోయే గాలిలో ఒక చిన్న దీపానికి ఆ వ్యవధి దొరకదు. ఎలాగూ వాటిని మోసుకొచ్చే తుంపరలను ఫిల్టరే పట్టుకుంటుంది. ‘99.9 శాతం వైరస్‌లు నశిస్తాయి’ అన్న ప్రకటన కనిపిస్తే, ఎంత పెద్ద గదిలో, ఎంతసేపటికి అని అడగండి. ఆ రెండూ చెప్పని శాతానికి విలువ లేదు. వాసనలను పట్టే బొగ్గుపొర ఉందంటే అది ఎన్ని గ్రాములో చూడండి. నల్లరంగు పూసిన పలుచని జాలీ కొద్ది వారాలలోనే నిండిపోతుంది.

మా అబ్బాయి రెండవ యంత్రం కొన్నాడు. వారం తరువాత మళ్లీ ఫోన్. ‘బాబాయ్, ఏమీ తేడా లేదు. మోసపోయామేమో’ అన్నాడు. అతని దగ్గర పీఎం 2.5 కొలిచే చిన్న పరికరం విడిగా ఉంది. ఒక పరీక్ష చేయించాను. తలుపులు, కిటికీలు మూసి, పైన ఫ్యాను నెమ్మదిగా తిప్పి, ప్యూరిఫయర్‌ను గరిష్ఠ వేగంలో పెట్టి, అంకె సగానికి తగ్గడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో చూడమన్నాను. దీనికొక లెక్క ఉంది: గది ఘనపరిమాణాన్ని సీఏడీఆర్‌తో భాగించి 42తో గుణిస్తే నిమిషాలు వస్తాయి. 34ను 320తో భాగించి 42తో గుణిస్తే నాలుగున్నర నిమిషాలు. గదిలో గాలి సమంగా కలవదు కనుక ఏడెనిమిది నిమిషాలు పట్టినా సరిపెట్టుకోవచ్చు. ఇరవై నిమిషాలైనా అంకె 180 నుండి 165కే దిగిందని చెప్పాడు.

వెనుక మూత తీసి ఫిల్టర్ బయటకు లాగమన్నాను. లాగాడు. రెండు క్షణాలు మౌనం. ఫిల్టర్ చుట్టూ పాలిథిన్ సంచి అలాగే ఉంది! కొత్త యంత్రాలలో ఫిల్టర్‌ను సంచితోనే లోపల అమర్చి పంపడం మామూలే. తీసి పెట్టమని సూచనల కాగితంలో ఉంటుంది, ఆ కాగితం మనం చదవం. వారం రోజులు ఆ యంత్రం ప్లాస్టిక్ సంచితో కుస్తీ పట్టింది. సంచి తీసేశాక అంకె ఆరు నిమిషాలలో సగానికి వచ్చింది.

ఆ ‘ఆరు నిమిషాలు’ అన్న మాటను తేదీతో సహా ఒక కాగితం మీద రాసి యంత్రానికి అతికించమన్నాను. నెలకొకసారి అదే పరీక్ష చేయాలి. జాలీ శుభ్రం చేశాక కూడా ఆరు కాస్తా పన్నెండు అయితే ఫిల్టర్ మార్చే సమయం వచ్చినట్టు. చాలా తక్కువ ధర యంత్రాలలో వెలిగే ఎర్రదీపం గడిచిన గంటలను మాత్రమే లెక్కిస్తుంది. ఫిల్టర్‌లో చేరిన మురికిని కాదు. ఢిల్లీ శీతాకాలంలో అది ఆలస్యంగా వెలగవచ్చు, విశాఖలో అవసరం లేకుండానే వెలగవచ్చు.

ప్రాణానికి సంబంధించిన ఒక హెచ్చరిక కూడా చేయాలి. ప్యూరిఫయర్ కణాలను పట్టుకుంటుంది కానీ కార్బన్ మోనాక్సైడ్‌ను పట్టదు. చలికాలంలో ఉత్తరాదిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపులు మూసి పడుకుంటారు. ప్యూరిఫయర్ తిరుగుతున్నా ఆ గదిలో మరణం తప్పకపోవచ్చు. మనం వదిలే బొగ్గుపులుసు వాయువును కూడా యంత్రం తగ్గించదు. అందుకే మధ్యాహ్నం, బయటి అంకె కాస్త దిగిన వేళ, కొంతసేపు కిటికీలు తెరిచి ఆ తరువాత మళ్లీ శుద్ధి చేసుకోవాలి.

మన తెలుగు రాష్ట్రాల పాఠకులు ‘మాకూ కావాలా డాక్టరుగారూ’ అని అడగవచ్చు. ఇంట్లో ఆస్తమా, దీర్ఘకాలిక ఊపిరితిత్తుల వ్యాధి ఉన్నవారు ఉండి, ఇల్లు రద్దీ రహదారి పక్కనో, నిర్మాణాల మధ్యనో ఉంటే ఆలోచించండి, లెక్క ఇదే. కానీ ముందు గదిలోనే పుట్టే పొగను ఆపండి. ఒక్క దోమల కాయిల్ కాలితే వెలువడే సూక్ష్మకణాలు 75 నుండి 137 సిగరెట్లకు సమానమని 2003లో ప్రచురితమైన ఒక పరిశోధన తేల్చింది. రాత్రంతా కాయిల్ వెలిగించి పక్కనే ప్యూరిఫయర్ నడపడం, తొట్టిలో బురద కలుపుతూ నీటిని వడపోయడమే. దోమతెర ఖరీదు ఒక ఫిల్టర్ ఖరీదు కంటే తక్కువ.

పెట్టె ముందువైపున సీఏడీఆర్‌ను, ఫిల్టర్ ధరను పెద్ద అక్షరాలతో వేసి తీరాలన్నది నా అభిప్రాయం. మందు సీసా మీద మోతాదు లేకుండా అమ్మితే మనం ఒప్పుకుంటామా? అలా వేసే రోజు వచ్చేదాకా దుకాణదారును మీరే అడగండి. ‘సీఏడీఆర్ ఎంత? ఫిల్టర్ ఎంత, ఎన్నాళ్లకు?’ అన్న రెండు ప్రశ్నలకు సూటిగా జవాబు రాని యంత్రాన్ని, అది ఎంత చవకైనా, అక్కడే వదిలి రండి.

మా పాప ఈ చలికాలమంతా ఆ గదిలోనే పడుకుంది. రాత్రి దగ్గు తగ్గిందని తల్లి చెబుతోంది. అందులో యంత్రం వాటా ఎంతో, క్రమం తప్పకుండా వాడిన ఇన్‌హేలర్ వాటా ఎంతో నేను విడదీసి చెప్పలేను. అందుకే రెండింటినీ కొనసాగించమన్నాను.

సెలవు.